పల్ప్ ఫ్యాక్టరీలో ఘటన నివేదికను లాగ్ బుక్‌లోకి కుదించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చిత్తూరు చుట్టుపక్కల మామిడి పల్ప్ ఫ్యాక్టరీల్లో తోతాపురి సీజన్ మొదలైతే మూడు షిఫ్టులూ ఆగకుండా నడుస్తాయి. కొత్తవాళ్లు, సీజన్‌కు మాత్రమే వచ్చేవాళ్లు ఎక్కువ. అలాంటి రోజుల్లో ఏదైనా జరిగితే సూపర్‌వైజర్ రెండు పేజీల నివేదిక రాస్తాడు. దాన్నే షిఫ్ట్ లాగ్‌లో ఐదారు లైన్లలో రాయమంటే చేయి ఆగిపోతుంది. ఆ కుదింపు గురించి షిఫ్ట్ ఇన్‌చార్జిలు, సూపర్‌వైజర్లు అడిగే ప్రశ్నలు ఇవి. జవాబులన్నీ ఒకే నమూనా ఘటన చుట్టూ తిరుగుతాయి.

నివేదిక ఎలాగూ ఉంది కదా, లాగ్‌లో మళ్లీ ఎందుకు?

చదివేవాళ్లు వేరు. నివేదికను మేనేజర్, సేఫ్టీ ఆఫీసర్ తీరిగ్గా కూర్చుని చదువుతారు. లాగ్‌ను తెల్లవారి 6 గంటలకు డ్యూటీకి వచ్చిన ఎ షిఫ్ట్ ఇన్‌చార్జి నిలబడే చదువుతాడు. అవతల గేటు దగ్గర మామిడి లోడ్లు నిలబడి ఉంటాయి. అతనికి కావాల్సింది మూడు సంగతులు: రాత్రి ఏమైంది, ఎందుకైంది, ఇప్పుడు లైన్ ఏ స్థితిలో ఉంది. కథ మొత్తం చదివి ఆ మూడూ ఏరుకునే టైము అతనికి లేదు. ఏరి పెట్టాల్సింది రాసేవాడే.

నమూనాగా ఒక పూర్తి నివేదిక చూపించండి.

సీఐపీ సమయంలో జరిగిన ఘటన తీసుకుందాం. పల్ప్ రన్ అయిపోయాక లైన్ విప్పకుండానే వేడి నీళ్లు, కాస్టిక్ ద్రావణం లోపల తిప్పి కడగడాన్నే సీఐపీ అంటారని ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. సూపర్‌వైజర్ రాసింది ఇది:

> నిన్న రాత్రి సి షిఫ్టులో సుమారు 1:30కి పల్ప్ రన్ ముగిసింది. లోడ్ ఎక్కువ రావడంతో అందరూ అలసిపోయి ఉన్నారు. వేడి నీళ్లతో కడిగిన తర్వాత 1:55కి కాస్టిక్ సర్క్యులేషన్ మొదలుపెట్టాం. కాస్టిక్ 2 శాతం, ప్యానెల్‌లో 78 డిగ్రీలు చూపించింది. 2:20 ప్రాంతంలో ఫీడ్ పంపు డెలివరీ వైపు క్లాంప్ జాయింట్ దగ్గర చుక్కలు చుక్కలుగా కారుతుంటే హెల్పర్ చూసి "అనా, ఆడ క్లాంపు కాడ కారతా ఉండాది" అని ఆపరేటర్‌కు చెప్పాడు. ఆపరేటర్ పంపు ఆపకుండానే నట్టు బిగించబోయాడు. గ్యాస్కెట్ పక్కకు జారి కాస్టిక్ చిమ్మి అతని కుడి ముంజేతి మీద పడింది. గ్లౌజులు మణికట్టు వరకే ఉన్నాయి. కళ్లద్దాలు పెట్టుకుని ఉన్నందున దేవుడి దయ వల్ల కళ్లకు ఏమీ కాలేదు. హెల్పర్ వెంటనే స్టాప్ బటన్ నొక్కాడు. సేఫ్టీ షవర్ దగ్గరికి తీసుకెళ్తే దాని ముందు ఖాళీ డ్రమ్ములు ఉన్నాయి. అందువల్ల వాష్ ఏరియా కుళాయి దగ్గర 20 నిమిషాలు నీళ్లు పోసి, 2:50కి కంపెనీ బండిలో ఆసుపత్రికి పంపాం. పంపు మెయిన్ ఆఫ్ చేసి తాళం వేసి ట్యాగ్ కట్టాం. ప్రీహీటర్ ముందు వాల్వ్ మూసి, పంపు వైపు పైపును డ్రెయిన్ చేసి, నేల నీళ్లతో కడిగించాం. గ్యాస్కెట్ తీసి చూస్తే ఒక పక్క అంచు తెగి ఉంది. కొత్తది వేశాం. ఫిట్టర్ లేనందున ప్రెషర్ టెస్ట్ చేయలేదు. షవర్ ముందున్న డ్రమ్ములు తీయించాం. ఇది పూర్తిగా ఆపరేటర్ నిర్లక్ష్యం వల్ల జరిగింది. ఇకపై అందరికీ ట్రైనింగ్ ఇస్తాం.

చెడ్డ నివేదికేమీ కాదు. కావాల్సిన సంగతులు చాలావరకు ఇందులో ఉన్నాయి, పరుచుకుపోయి ఉన్నాయంతే.

దీన్ని లాగ్‌లో ఎలా రాయాలి?

> జూలై 9, తెల్లవారుజాము 2:20 (8వ తేదీ సి షిఫ్ట్). ఫీడ్ పంపు డెలివరీ క్లాంప్ జాయింట్.
>
> ఏం జరిగింది: సీఐపీలో కాస్టిక్ (2 శాతం, 78 డిగ్రీలు) తిరుగుతుండగా జాయింట్ కారింది. పంపు నడుస్తుండగానే క్లాంప్ బిగించబోతే గ్యాస్కెట్ జారి కాస్టిక్ చిమ్మింది. ఆపరేటర్ కుడి ముంజేతి మీద పడింది.
>
> కారణం: గ్యాస్కెట్ అంచు తెగి ఉంది (తీసి చూశాం). ప్రెషర్‌లో ఉన్న జాయింట్‌ను బిగించారు (ఆపరేటర్, హెల్పర్ చెప్పారు). అంచు ఎందుకు తెగిందో ఇంకా తేలలేదు.
>
> తక్షణ చర్య: పంపు ఆపాం. చేతిని కుళాయి కింద 20 నిమిషాలు కడిగి, 2:50కి ఆసుపత్రికి పంపాం. పంపు మెయిన్‌కు తాళం, ట్యాగ్. కొత్త గ్యాస్కెట్ వేశాం. సేఫ్టీ షవర్‌కు అడ్డంగా ఉన్న ఖాళీ డ్రమ్ములు తీయించాం.
>
> లైన్ స్టార్ట్ చేయకండి: ప్రీహీటర్‌లో కాస్టిక్ ఉంది. కొత్త గ్యాస్కెట్‌కు నీళ్ల ప్రెషర్ టెస్ట్ కాలేదు.

చివరి లైను మీ పుస్తకంలో గడిగా ఉండకపోవచ్చు. గడి లేకపోతే తక్షణ చర్య కిందే రాయండి, కానీ విడి లైనుగా రాయండి. పొద్దున వచ్చినవాడి కన్ను ముందు దాని మీదే పడాలి.

ఏమేం తీసేశారు? ఏ లెక్కన?

"అందరూ అలసిపోయి ఉన్నారు", "దేవుడి దయ", హెల్పర్ అన్న మాట, 1:30కి రన్ ముగియడం, నేల కడగడం, ట్రైనింగ్ ఇస్తామన్న హామీ పోయాయి. లెక్క ఒక్కటే. ఆ ముక్క తీసేస్తే ఎ షిఫ్ట్ ఇన్‌చార్జి చేసే పని ఏమైనా మారుతుందా? మారకపోతే తీసేయొచ్చు, నివేదికలో ఎలాగూ ఉంటుంది.

అలసట సంగతి మాత్రం కొంచెం ఆలోచించాల్సిందే. ఆపరేటర్ వరుసగా రెండో షిఫ్ట్ చేస్తున్నాడని తెలిసి ఉంటే అది నిజంగా కారణంలో భాగం కావచ్చు, అప్పుడు "డబుల్ డ్యూటీలో ఉన్నారు" అని రాయాలి. ఇక్కడ ఉన్నది "అందరూ అలసిపోయారు" అనే గాలి మాట. దాన్ని సరిచూసే దారి లేదు.

గ్లౌజులు మణికట్టు వరకే ఉండటం గురించి వాదన జరుగుతుంది. కాస్టిక్ చిమ్మడానికి అది కారణం కాదు, గాయం కావడానికి మాత్రం కారణమే. ఎ షిఫ్టులో కూడా అవే గ్లౌజులతో సీఐపీ చేయబోతుంటే లాగ్‌లో ఒక ముక్క ఉండాల్సిందే. స్టోర్‌లో మోచేతి దాకా వచ్చే గ్లౌజులు ఉండి ఆ రాత్రి వేసుకోలేదంతే అయితే నివేదికకు వదిలేయొచ్చు. పై నమూనాలో రెండో పరిస్థితి అనుకుని వదిలేశాం.

ఇంకా చిన్నదిగా, రెండు ముక్కల్లో రాస్తే తప్పేంటి?

చాలా లాగ్‌లలో కనిపించేది ఇదే: "సీఐపీలో లీకేజీ. ఆపరేటర్‌కు స్వల్ప గాయం. గ్యాస్కెట్ మార్చాం, సరిచేశాం."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేనట్టే కనిపిస్తుంది. కానీ "సరిచేశాం" చదివిన ఇన్‌చార్జి తాళం తీయించి లైన్ స్టార్ట్ చేస్తాడు. ప్రీహీటర్‌లో ఇంకా కాస్టిక్ ఉంది. అది కడిగి, చివరి కడుగు నీళ్ల పీహెచ్ మామూలు నీళ్ల పీహెచ్‌తో కలిసే దాకా పల్ప్ ఎక్కించకూడదు. పైగా టెస్ట్ చేయని జాయింట్ మళ్లీ వదిలితే దాని పక్కన నిలబడేది ఈసారి ఇంకొకరు. కుదింపు ప్రమాదమయ్యేది ఇక్కడే. జరిగింది పోయినా ఫర్వాలేదు, మిగిలింది పోకూడదు.

"ఏం జరిగింది" ఎక్కడ మొదలుపెట్టాలి?

మామూలుగా నడుస్తున్నది దారి తప్పిన చోట. ఈ ఘటనలో అది జాయింట్ కారడం. అంతకు ముందున్నదంతా రోజూ జరిగే పనే. అయితే ఆ సమయంలో లైన్‌లో ఏముంది, ఎంత వేడి మీద ఉంది అన్నది తప్పకుండా రాయాలి. నీళ్లు కారడం వేరు, 78 డిగ్రీల కాస్టిక్ కారడం వేరు. ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి ఏం పడిందని అడిగితే లాగ్ చూసే చెబుతారు కూడా.

ముగించాల్సింది నష్టం దగ్గర: ఎవరికి, ఒంట్లో ఎక్కడ, లేదా ఏ వస్తువుకు. పంపు ఆపడం నుంచి జరిగినదంతా తక్షణ చర్యలోకి వెళ్తుంది. ఈ గీత గీసుకుంటే ఒకే సంగతి రెండు గడుల్లో రాయడం తప్పుతుంది.

కారణం దగ్గర "ఆపరేటర్ నిర్లక్ష్యం" అని ఎందుకు రాయకూడదు? అది నిజమే కదా?

ఎక్కువగా అడిగేది ఇదే, ఎక్కువగా గొడవయ్యేదీ దీని మీదే.

నిర్లక్ష్యం అనేది కంటికి కనిపించేది కాదు, మనం ఇచ్చిన తీర్పు. కనిపించింది ఏమిటంటే పంపు నడుస్తుండగా క్లాంప్ బిగించడం. అదే రాయండి. అలా రాస్తే ఆపరేటర్‌ను కాపాడినట్టూ కాదు, ముద్దాయిని చేసినట్టూ కాదు. చదివినవాడికి ఒక పని దొరుకుతుంది: ఎ షిఫ్ట్‌వాళ్లకు "కారుతుంటే ముందు పంపు ఆపండి, ప్రెషర్ దిగాకే చేయి పెట్టండి" అని చెప్పగలడు. "నిర్లక్ష్యం" అని చదివితే ఏం చెప్పగలడు? "జాగ్రత్తగా ఉండండ్రా" అంటాడు, అంతే.

ఇంకో చిక్కు ఉంది. ఆ ఒక్క మాట రాయగానే తెగిన గ్యాస్కెట్ సంగతి మరుగున పడిపోతుంది. అంచు దానంతట అదే తెగదు. జాయింట్ కిందటిసారి విప్పి బిగించినప్పుడు గాడిలో సరిగా కూర్చోక క్లాంప్ కింద నలిగి ఉండొచ్చు. వేడి కాస్టిక్‌కు తట్టుకోని రకం రబ్బరు వేసి ఉండొచ్చు. మార్చాల్సిన గడువు దాటి ఉండొచ్చు. ఇలాంటి జాయింట్లు ఆ లైన్‌లో ఇంకా చాలా ఉంటాయి, వాటిలోనూ అదే గ్యాస్కెట్ ఉండి ఉంటుంది. ఆపరేటర్‌ను మార్చినంత మాత్రాన అవి మారవు.

అలాగని ఆపరేటర్ చేసిన పనిని దాచేసి "గ్యాస్కెట్ ఫెయిల్ అయింది" అని మాత్రమే రాయడమూ తప్పే. మనవాడే కదా అని కొందరు సూపర్‌వైజర్లు అలా రాస్తారు. అప్పుడు మెయింటెనెన్స్‌వాళ్లు గ్యాస్కెట్ మార్చి వెళ్లిపోతారు, నడుస్తున్న పంపు మీద చేయి పెట్టే అలవాటు అలాగే ఉండిపోతుంది.

కారణం ఇంకా తేలకపోతే ఖాళీగా వదిలేయాలా?

వద్దు. తేలినంత రాసి, తేలనిది తేలలేదని రాయండి. నమూనాలో మూడు వాక్యాలూ మూడు రకాలు. ఒకటి మనం కళ్లతో చూసింది, ఒకటి అక్కడున్నవాళ్లు చెప్పింది, మూడోది తెలియనిది. పక్కన "చూశాం", "చెప్పారు" అని పెడితే ఏది ఎంత గట్టిదో చదివేవాడికి తెలుస్తుంది. "అయ్యుండొచ్చు" అనుకున్నవి లాగ్‌లో వద్దు. పైన చెప్పిన గాడి, రబ్బరు, గడువు అన్నీ విచారణలో చూడాల్సినవి. లాగ్‌లో వాటిలో ఒకటి రాస్తే మూడు షిఫ్టులు గడిచేసరికి అదే ఖాయమైన కారణంగా చలామణి అవుతుంది.

తీసిన గ్యాస్కెట్‌ను పారేయకండి. కడిగి కవర్‌లో వేసి, తేదీ, జాయింట్ పేరు రాసి పెట్టండి. ఎక్కడ పెట్టారో లాగ్‌లో నాలుగు మాటలు రాస్తే ఇంకా మంచిది. పొద్దున చెత్తలో వెతుక్కోవడం తప్పుతుంది.

తక్షణ చర్య, ఇకపై చేయాల్సిన పని: రెండింటినీ ఎలా వేరు చేయాలి?

క్రియ చూడండి. "ఆపాం, కడిగాం, పంపాం, తాళం వేశాం" అన్నవి ఆ షిఫ్టులోనే జరిగిపోయినవి. వీటి పక్కన టైము రాయగలరు. "ఇస్తాం, చూస్తాం, జాగ్రత్త పడతాం" అన్నవాటి పక్కన టైము రాయలేరు, అవి తక్షణ చర్యలు కావు. ట్రైనింగ్ ఇవ్వడం, గ్యాస్కెట్లన్నీ పరీక్షించడం మంచి పనులే, వాటి చోటు నివేదికలోని సవరణ చర్యల పట్టిక.

కొత్త గ్యాస్కెట్ వేయడం తక్షణ చర్యే, ఎందుకంటే చేసేశారు. కానీ ప్రెషర్ టెస్ట్ కాలేదు కాబట్టి ఆ పని సగమే అయింది. సగం అయిన పనిని సగం అయిందనే రాయాలి.

వరుస కూడా ముఖ్యం. ముందు మనిషికి చేసింది, తర్వాత మిషన్‌కు చేసింది. స్టాప్ బటన్ నొక్కడం ఒక్కటే అన్నిటికంటే ముందు వస్తుంది, అది నొక్కితే గానీ మనిషి దగ్గరికి వెళ్లలేరు.

గాయం చిన్నదే అయితే "స్వల్ప గాయం" అని రాయొచ్చా?

డాక్టర్ చెప్పేదాకా వద్దు. ముఖ్యంగా కాస్టిక్ విషయంలో. వేడి నీళ్లు పడితే ఎంత కాలిందో చాలావరకు అప్పుడే కనిపిస్తుంది. కాస్టిక్ చర్మాన్ని కరిగిస్తూ లోపలికి దిగుతుంది, మొదట ఎర్రగా మాత్రమే కనిపించి కొన్ని గంటల తర్వాత లోతు తెలిసే సందర్భాలు ఉంటాయి. నీళ్లు అంతసేపు పోయడం అందుకే. 2:50కి చూసి "స్వల్పం" అని రాసినవాడు తెల్లవారాక ఇబ్బంది పడతాడు. "కుడి ముంజేతి మీద కాస్టిక్ పడింది, ఆసుపత్రికి పంపాం" చాలు. డాక్టర్ చెప్పింది తెలిశాక కొత్త లైనుగా, టైము వేసి చేర్చండి.

సేఫ్టీ షవర్ ముందు డ్రమ్ములు కారణం కాదు కదా, లాగ్‌లో ఎందుకు ఉంచారు?

కాస్టిక్ చిమ్మడానికి అవి కారణం కాదు, నిజమే. అందుకే కారణం గడిలో లేవు. కానీ మళ్లీ ఏదైనా జరిగితే ముందు కావాల్సింది ఆ షవరే. తీయించినా మళ్లీ అక్కడికే చేరడం ఖాయం. 215 లీటర్ల డ్రమ్ములు అసెప్టిక్ ఫిల్లింగ్ కోసం వందల్లో వస్తాయి, సీజన్‌లో ఖాళీ స్థలం ఎక్కడ కనిపిస్తే అక్కడ పేరుస్తారు. తక్షణ చర్యలో ఒక్క వాక్యం ఉంటే తర్వాతి ఇన్‌చార్జి రౌండ్‌కు వెళ్లినప్పుడు అటు కూడా ఒక చూపు వేస్తాడు.

రాత్రి 12 దాటాక జరిగితే ఏ తేదీ వేయాలి?

జరిగిన రోజు క్యాలెండర్ తేదీ వేసి, పక్కన ఏ తేదీ షిఫ్టో రాయండి. నివేదికలో "నిన్న రాత్రి" అని ఉంది, వారం తర్వాత చదివితే అది ఏ రాత్రో తెలియదు. సి షిఫ్ట్ 8న మొదలై 9న ముగుస్తుంది కాబట్టి హాజరు పట్టికలో ఒక తేదీ, ఆసుపత్రి చీటీలో ఇంకో తేదీ పడతాయి. లాగ్‌లో రెండూ ఉంటే ఆ తికమక ఉండదు.

హెల్పర్ 2:20 అంటాడు, ప్యానెల్‌లో పంపు 2:26కి ఆగినట్టు ఉంది. ఏది రాయాలి?

ముందు ప్యానెల్ గడియారం సరిగా ఉందో లేదో చూడండి, చాలాచోట్ల నాలుగైదు నిమిషాలు తేడాగా నడుస్తుంటాయి. అప్పటికీ తేలకపోతే "సుమారు 2:20 (హెల్పర్), ప్యానెల్‌లో పంపు ఆగింది 2:26" అని రెండూ పెట్టండి. మధ్యలో 2:23 అని కొత్తది పుట్టించకండి.

దెబ్బ తగిలినవాళ్ల పేరు రాయాలా?

షిఫ్ట్ లాగ్‌ను అందరూ తిరగేస్తారు. "ఆపరేటర్", "హెల్పర్" అని హోదా రాస్తే సరిపోతుంది. పేరు, టోకెన్ నంబర్ నివేదికలోనూ, ప్రమాదాల రిజిస్టర్‌లోనూ ఉంటాయి. మీ కంపెనీ లాగ్‌లో పేరు తప్పనిసరి అంటే రాయండి, కానీ కారణం గడిలో మాత్రం వద్దు.

లాగ్‌లో రాశాం, వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాం. ఇక చాలా?

వాట్సాప్ సమాచారం అందించడానికి పనికొస్తుంది, రికార్డుగా పనికిరాదు. లాగ్ కూడా చట్టపరమైన నోటీసు కాదు. ప్రమాదం వల్ల మనిషి 48 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేకపోతే అధికారులకు నోటీసు ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 88 చెప్పింది. 2020 నాటి వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లోనూ అదే 48 గంటల లెక్క ఉంది. ఈఎస్ఐ పరిధిలో ఉన్నవాళ్లయితే దానికి పంపే ప్రమాద నివేదిక వేరే. అవన్నీ హెచ్ఆర్, సేఫ్టీవాళ్లు చూసుకుంటారు. కానీ 48 గంటలు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలన్నా వాళ్లు ముందు తిరగేసేది లాగ్‌లో మీరు వేసిన టైమునే.

ఎవరికీ ఏమీ కాకపోతే, కాస్టిక్ నేల మీద మాత్రమే పడి ఉంటే?

అదే పద్ధతి, అదే గడులు. గాయం బదులు "ఎవరికీ తగల్లేదు" అని రాయండి. తెగిన గ్యాస్కెట్, టెస్ట్ కాని జాయింట్ అప్పుడూ ఉన్నట్టే.

రాసింది సరిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

ఆ రాత్రి అక్కడ లేని ఒకరికి, బాయిలర్ ఆపరేటర్‌కైనా సరే, చదవడానికి ఇవ్వండి. తర్వాత మూడు అడగండి: ఇప్పుడు లైన్ స్టార్ట్ చేయొచ్చా? దెబ్బ తగిలిన మనిషి ఎక్కడున్నాడు? పాడైంది ఏ వస్తువు, ఎక్కడ? లాగ్ చూసి చెప్పగలిగితే సరిపోయింది. మిమ్మల్ని ఎదురు ప్రశ్న అడిగాడంటే, ఆ ప్రశ్నకు జవాబే లాగ్‌లో లేని వాక్యం.

రాసిన తర్వాత తప్పని తేలితే కొట్టేయొచ్చా?

వైట్నర్ వాడకండి, పేజీ చింపకండి. పాత మాట చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ, టైము, పొట్టి సంతకం పెట్టండి. రెండు రోజుల తర్వాత గ్యాస్కెట్ వేరే రకం రబ్బరని తేలిందనుకోండి, అది దిద్దుబాటు కాదు. పాత ఎంట్రీని ముట్టుకోకుండా ఆ రోజు పేజీలో కొత్తగా రాయండి: "జూలై 9, 2:20 ఘటన: గ్యాస్కెట్ ఈపీడీఎం కాదని స్టోర్స్ చెప్పారు. మిగతా జాయింట్లు చూస్తున్నారు." పాత ఎంట్రీ పక్కన "11వ తేదీ పేజీ చూడండి" అని ఒక ముక్క పెడితే చాలు.